వీడియో ఇంటర్వ్యూకు ఆలస్యమైనప్పుడు క్షమాపణ: ఫోన్, మెసేజ్, మెయిల్‌లో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలి?

పదకొండు గంటలకు మొదలు కావలసిన వీడియో ఇంటర్వ్యూలో పదకొండు దాటి ఐదు నిమిషాలైనా అభ్యర్థి తెర మీద కనిపించకపోతే, ఇవతల కూర్చున్న మాకు తెలిసేది ఒక్కటే, రావలసిన మనిషి రాలేదని. కరెంటు పోయిందో, నెట్ ఆగిందో, మరోచోట ఉద్యోగం దొరికి ఇటు రావడమే మానుకున్నారో ఖాళీ తెరను చూసి చెప్పలేం. అనువాదకుల, ఉపసంపాదకుల ఉద్యోగాలకు తెలుగులోనే ఇంటర్వ్యూలు చేసే ప్యానెల్‌లో కొన్నేళ్లుగా కూర్చుంటున్నాను. సాంకేతిక లోపం వల్ల ఆలస్యమైన అభ్యర్థులు చాలామంది నిజమే చెబుతారు, వినయంగానే చెబుతారు. అయితే ఆ మాట ఏ దారిలో పంపాలి, ఎంత చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్న ఎంపికలో పొరపాటు పడతారు. ఆ ఎంపికల గురించే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నేను దగ్గరగా చూసిన ఒక సంగతి చెబుతాను. హనుమకొండ నుంచి ఒక అభ్యర్థిని అనువాదకురాలి ఉద్యోగానికి హాజరు కావలసి ఉంది. ఉదయం 11:00 నుంచి 11:45 వరకు ఆమెకు కేటాయించిన సమయం. 10:50కి ఆమె ల్యాప్‌టాప్ తెరిచి సిద్ధంగా కూర్చున్నారు. 10:53కి నెట్ ఆగిపోయింది. గోడకున్న ఫైబర్ డబ్బా మీద LOS అన్న అక్షరాల దగ్గర ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోంది. ఆమె డబ్బా ప్లగ్గు తీసి మళ్లీ పెట్టారు. దీపాలన్నీ ఒక్కొక్కటిగా వెలిగి, చివరికి అదే ఎర్ర దీపం మళ్లీ మొదలయ్యేసరికి 10:58 అయింది. అప్పుడు ఫోన్ తీసుకుని మా హెచ్‌ఆర్ విభాగానికి ఎనిమిది వాక్యాల మెయిల్ రాశారు. ఎంతో మర్యాదగా, ఒక్క అక్షరదోషం లేకుండా రాసిన ఆ మెయిల్‌ను 11:03కి పంపారు. కానీ ఫోన్ ఇంకా ఇంటి వైఫైనే పట్టుకుని ఉంది. ఏ లైన్ తెగిందో ఆ లైన్ మీదుగానే క్షమాపణ వెళ్లాలి కాబట్టి, అది ఫోన్‌లోనే Queued అన్న మాటతో నిలిచిపోయింది. 11:06కి ఆమె వైఫై ఆపి, మొబైల్ డేటాతో హాట్‌స్పాట్ పెట్టుకున్నప్పుడు గానీ మెయిల్ కదలలేదు. కదిలి చేరినా, ఆ మెయిల్ పెట్టెను చూసే ఉద్యోగిని మరో ఇంటర్వ్యూ ఏర్పాట్లలో ఉండి, 11:30 తరువాత చదివారు. అభ్యర్థిని 11:11కి మా ముందుకు వచ్చారు. ఆమె దృష్టిలో మాకు ఎనిమిది నిమిషాల ముందే కబురందింది. మా దృష్టిలో పదకొండు నిమిషాలుగా ఏ కబురూ లేదు. ఆమె మాట్లాడిన మొదటి వాక్యం, “నేను మెయిల్ చేశాను కదా మేడమ్” అన్నది, ఈ తేడాలో నుంచే వచ్చింది. నా పక్కన కూర్చున్న సహోద్యోగికి అది ఎదురు ప్రశ్నలా వినిపించింది.

ఈ అనుభవం తరువాత నన్ను సలహా అడిగినవారికి మొదట చెప్పేది ఇదే: తెగిన దారిని వదిలి, తెగని దారిలో కబురు పంపండి. ఇంటి నెట్ పోతే మామూలు ఫోన్ కాల్, ఎస్‌ఎమ్‌ఎస్ రెండూ దానితో సంబంధం లేకుండా వెళతాయి. ఇంటర్వ్యూ ఆహ్వానంలో హెచ్‌ఆర్ నంబరు ఇచ్చి ఉంటే ఆ రెండింటినీ కలిపి వాడటమే మేలు. ముందు ఒకసారి కాల్ చేయాలి. ఎత్తితే ముప్పై సెకన్లలో విషయం చెప్పి పెట్టేయవచ్చు, వారు ప్యానెల్‌కు వెంటనే చేరవేస్తారు. ఎత్తకపోతే వరుసగా నాలుగుసార్లు చేయకుండా ఎస్‌ఎమ్‌ఎస్ పెట్టాలి. అవతలివారు మరో కాల్‌లో ఉన్నా ఎస్‌ఎమ్‌ఎస్ తెర మీద కనిపిస్తుంది. వాట్సాప్ ఈ రెండింటి తరువాతే. దానికి డేటా కావాలి, పైగా ఒక్క టిక్కు దగ్గరే ఆగిందంటే సందేశం అవతలి ఫోన్‌కు ఇంకా చేరలేదని అర్థం. హడావిడిలో ఆ టిక్కును చూసుకునేవారు తక్కువ.

ఆహ్వానంలో ఫోన్ నంబరే లేకపోతే మెయిల్ తప్ప మార్గం లేదు. అప్పుడు కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా, ఆహ్వానం వచ్చిన మెయిల్‌కే అందరికీ చేరేలా జవాబు ఇవ్వడం మంచిది. ఆ వరుసలో ప్యానెల్ సభ్యుల చిరునామాలు కూడా ఉంటే నేరుగా మాకే అందుతుంది. ఫోన్ తెర మీద నోటిఫికేషన్‌లో మెయిల్ మొదటి మాటలే కనిపిస్తాయి కాబట్టి, “గౌరవనీయులైన సంపాదకవర్గానికి నమస్కరించి వ్రాయునది” అన్న సంబోధన ఆ చోటంతా ఆక్రమిస్తే అసలు విషయం లోపలే ఉండిపోతుంది. మొదటి వాక్యంలోనే నెట్ ఆగిందనీ ఎన్ని గంటలకు చేరతారో అనీ ఉండాలి. ఇంకో మాట. ప్యానెల్ సభ్యుల సొంత నంబరు ఎక్కడి నుంచో సంపాదించి నేరుగా ఫోన్ చేయడం, ఎంత అత్యవసరమైనా, నేను సమర్థించను. ఇచ్చిన నంబరుకు చేస్తే సమాచారం, ఇవ్వని నంబరుకు చేస్తే చొరబాటు.

సందేశం ఎంత చిన్నదైతే అంత త్వరగా వెళుతుంది. హనుమకొండ అభ్యర్థిని ఎనిమిది వాక్యాలకు బదులు 10:58కి ఈ మాత్రం ఎస్‌ఎమ్‌ఎస్ పెట్టి ఉంటే మా పదకొండు నిమిషాల నిరీక్షణ వేరుగా గడిచేది:

“నమస్కారం. నేడు 11 గంటల అనువాదకుల ఇంటర్వ్యూ అభ్యర్థిని. ఇంటి నెట్ ఇప్పుడే ఆగింది. ఫోన్ నెట్‌తో 11:10కి చేరతాను. ప్యానెల్‌కు దయచేసి తెలియజేయండి. ఆలస్యానికి మన్నించండి.”

కింద పూర్తి పేరు ఉండాలి, ఎందుకంటే హెచ్‌ఆర్ వారి ఫోన్‌లో మీ నంబరు సేవ్ అయి ఉండదు. ఇందులో అన్నిటికంటే విలువైన మాట 11:10 అన్న అంకె. “రెండు నిమిషాల్లో వస్తాను” అన్న మాటను మనవాళ్లు ఎంతసేపటికైనా వాడతాం కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గడియారం సమయం చెబితే, ఆ లోపు మేం తరువాతి అభ్యర్థి పత్రాలు చూసుకోవచ్చు, కాఫీ తెచ్చుకోవచ్చు. అనుకున్న దానికి ఐదు నిమిషాలు కలిపి చెప్పి ముందుగా రావడం, తక్కువ చెప్పి రెండోసారి గడువు కోరడం కంటే ఎప్పుడూ మంచిదే. చెప్పిన సమయం కూడా దాటిపోయేలా ఉంటే, దాటకముందే రెండో సందేశం పంపాలి.

ఇక్కడ సాంకేతిక లోపం ఏమిటో గుర్తుపట్టడం కూడా అవసరమే, ఎందుకంటే ఎన్ని గంటలకు చేరగలరో అన్న అంచనా దాని మీదే ఆధారపడుతుంది. LOS దీపం ఎర్రగా ఉందంటే ఫైబర్ తీగలో వెలుతురు సంకేతం డబ్బాకు అందడం లేదని. తీగ ఎక్కడో తెగి ఉండవచ్చు, లేదా కనెక్టర్ వదులై ఉండవచ్చు. డబ్బా ఆపి మళ్లీ వేసినంత మాత్రాన తెగిన తీగ అతకదు. కాబట్టి తీగ సరిగ్గా బిగిసి ఉందో లేదో ఒకసారి చూసి, వెంటనే మొబైల్ డేటాకు మారిపోవాలి. ఎర్ర దీపం లేకుండా నెట్ మాత్రమే రాకపోతే డబ్బాను ఒక్కసారి ఆపి వేయడంలో అర్థం ఉంది, దానికీ మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది గానీ, ఇన్వర్టర్‌కు కలపని డబ్బా ఆగిపోతుంది. హాట్‌స్పాట్ పెట్టేముందు ఆ రోజు డేటా ఎంత మిగిలిందో చూసుకోవాలి. రోజుకు 1.5 లేదా 2 జీబీ ఇచ్చే ప్లాన్లలో ఆ పరిమితి దాటాక వేగం సాధారణంగా 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో వీడియో నడవదు, మాట కూడా తెగుతూ వస్తుంది.

లోపలికి వచ్చాక అనే మొదటి మాట

కబురు ముందే అందినా, అందకపోయినా, తెర మీదకు రాగానే నోటితో ఒకసారి క్షమాపణ చెప్పాలి. ఇక్కడ తెలుగు మనకు ఇచ్చే ఎంపికలు కొన్ని ఉన్నాయి, వాటి మధ్య తేడా చిన్నది కాదు.

“ఆలస్యమైంది” అన్న వాక్యంలో కర్తగా మనిషి లేడు. వర్షం కురిసినట్టు ఆలస్యం తనంత తానే అయింది. “ఆలస్యంగా చేరాను” అన్నప్పుడు నేను ఉన్నాను. నెట్ పోవడం అభ్యర్థి తప్పు కాదు, నిజమే. కానీ ఎదుటివారు కూర్చుని ఎదురుచూసింది అభ్యర్థి కోసమే. కాబట్టి లైన్ సంగతి చెప్పేటప్పుడు “తెగింది” అనీ, రాక సంగతి చెప్పేటప్పుడు “చేరాను” అనీ రెండు క్రియలను రెండు కర్తలకు ఇవ్వడం నాకు న్యాయంగా తోస్తుంది. అప్పుడు లేని తప్పును నెత్తిన వేసుకున్నట్టూ ఉండదు, ఉన్న బాధ్యతను తప్పించుకున్నట్టూ ఉండదు.

“అసౌకర్యానికి చింతిస్తున్నాను” అన్నది మన అభ్యర్థులు తరచుగా ఎంచుకునే వాక్యం. మనమంతా దాన్ని రైల్వే ప్లాట్‌ఫారం మీద, బండి ఆలస్యాన్ని ప్రకటించే గొంతులో విన్నాం. అది ఒక సంస్థ పేరు తెలియని వేలమందికి చెప్పే మాట. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా ఉన్నచోట అది దూరంగా వినిపిస్తుంది. “క్షమాపణలు కోరుతున్నాను” రాతలో బాగుంటుంది, మాటలో కొంచెం బిగుసుకుపోయినట్టు ఉంటుంది. “క్షమించండి”, “మన్నించండి” రెండూ నోటికి సహజమైనవే. మొదటిది చేసిన తప్పు వైపు కొంచెం ఎక్కువగా మొగ్గుతుందనీ, రెండోది ఇలాంటి చిన్న ఆలస్యానికి సరిగ్గా సరిపోతుందనీ నా అభిప్రాయం. “సారీ అండీ” అన్నా తప్పేమీ లేదు, రోజూ మాట్లాడే మాటే. అనువాదకుల ఉద్యోగానికి వచ్చినవారి నోట తెలుగు మాట వింటే మాత్రం నాకు సంతోషం కలుగుతుంది.

“మీ అమూల్యమైన సమయాన్ని వృథా చేశాను, నా వల్ల మీకు ఎంతో ఇబ్బంది, ఏమనుకోకండి” అంటూ పోయే క్షమాపణను ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. అది మర్యాద కోసమే అంటారు, కానీ దాని భారం వినేవారి మీద పడుతుంది. “అయ్యో, ఫరవాలేదండీ” అని రెండు మూడుసార్లు ఓదార్చిన తరువాత గానీ మేం మొదటి ప్రశ్న అడగలేం. మధ్యలో మాట తడబడినప్పుడల్లా మళ్లీ “నెట్ టెన్షన్ వల్ల మేడమ్” అని అదే విషయానికి తిరిగివచ్చే అభ్యర్థులూ ఉన్నారు. ఒకసారి చెప్పి, మేం సరేనన్నాక ఆ విషయాన్ని అక్కడే వదిలేయాలి.

ఇన్ని ఎంపికలు చూశాక హనుమకొండ అభ్యర్థిని స్థానంలో నేనుంటే అనే మాటలు ఇవి:

“నమస్కారమండీ. పదకొండు నిమిషాలు ఆలస్యంగా చేరాను, మిమ్మల్నిద్దరినీ ఎదురుచూసేలా చేశాను, మన్నించండి. ఇంటి ఫైబర్ లైన్ తెగింది, ఇప్పుడు ఫోన్ నెట్ మీద మాట్లాడుతున్నాను. మీకు వీలైతే మొదలుపెడదాం.”

నిమిషాల లెక్క ఆమె నోటే రావడం వల్ల మేం గడియారం చూపించనక్కరలేదు. “ఫోన్ నెట్ మీద” అన్న మాట సంజాయిషీ కోసం కాదు. తెర మధ్యలో ఆగితే ఎందుకు ఆగిందో మాకు ముందే తెలుస్తుంది, వీడియో ఆపి మాటతోనే కొనసాగించమని మేమే సూచించగలం. కారణం ఇంతకు మించి అక్కరలేదు. లైన్‌మన్ ఎప్పుడు వస్తానన్నాడు, వీధిలో ఎవరు తవ్వారు, నిన్న కూడా ఇలాగే జరిగిందా అన్న వివరాలు నిజమే అయినా, మిగిలిన ముప్పై నాలుగు నిమిషాల్లో నుంచే వాటికి సమయం ఖర్చవుతుంది.

కారణం చెప్పేటప్పుడు దాన్ని దాని పేరుతోనే పిలవాలి. ఇంటర్వ్యూ యాప్ చివరి నిమిషంలో అప్‌డేట్ అడిగి ఆలస్యమైతే “యాప్ అప్‌డేట్ కోరింది, నేను ముందే చూసుకోవలసింది” అంటే సరిపోతుంది. సమయం తప్పుగా చదువుకుని ఆలస్యమైతే దానికి సాంకేతిక లోపం అన్న ముసుగు వేయకూడదు. ప్యానెల్‌లో ఉన్నవారు రోజూ ఇవే యాప్‌లు వాడతారు కాబట్టి అతకని కారణాన్ని ఇట్టే పట్టేస్తారు. ఆలస్యాన్ని మరిచిపోతారేమో గానీ దాన్ని మరిచిపోరు.

కొనసాగించడమా, వాయిదా కోరడమా

నలభై ఐదు నిమిషాల్లో పదకొండు పోతే ముప్పై నాలుగు మిగులుతాయి. అందులో ఇంటర్వ్యూ చేయవచ్చు, హనుమకొండ అభ్యర్థినిని మేం అలాగే ఇంటర్వ్యూ చేశాం కూడా. సగానికి మించి సమయం పోయినప్పుడు వాయిదా మాట అభ్యర్థే ముందుగా ఎత్తడం మంచిది, కానీ నిర్ణయం మాత్రం ప్యానెల్‌కు వదలాలి. “మరో రోజుకు మార్చండి” అన్న వాక్యానికీ, “మీకున్న సమయంలోనే ముగిద్దామన్నా సిద్ధమే, మరో సమయం ఇచ్చినా సంతోషమే” అన్న వాక్యానికీ మధ్య ఉన్న తేడా ఇదే. మా వైపు పన్నెండు గంటలకు మరో అభ్యర్థి ఉండవచ్చు, లేదా మధ్యాహ్నమంతా ఖాళీగా ఉండవచ్చు. అది అభ్యర్థికి తెలియదు.

ఒక్క సందర్భంలో మాత్రం సమయం మిగిలి ఉన్నా వాయిదా కోరమంటాను. మా ఇంటర్వ్యూలో చివరి పదిహేను నిమిషాలు తెర పంచుకుని ఒక పేరా అనువదించే పరీక్ష ఉంటుంది. డేటా పరిమితి దాటిన ఫోన్ మీద అది జరగదు. అలాంటప్పుడు “సంభాషణ ఇప్పుడు మామూలు ఫోన్ కాల్‌లో పూర్తి చేసి, పరీక్ష మాత్రం మీరు చెప్పిన వేళకు రాయగలను” అని విడదీసి అడగవచ్చు. పరీక్ష మధ్యలో నాలుగుసార్లు బయటికి పోయి రావడం కంటే ఇది ఇరువైపులా మేలు.

వచ్చినా కనిపించనప్పుడు

ఆలస్యంలా కనిపించి నిజానికి ఆలస్యం కానిది ఇంకొకటి ఉంది. అభ్యర్థి 10:57కే లింక్ నొక్కి వెయిటింగ్ రూమ్‌లో ఉంటారు, మేం లోపల ఎదురుచూస్తుంటాం. చాలాసార్లు దీనికి కారణం పేరు. ల్యాప్‌టాప్ మొరాయించి ఫోన్‌లో చేరినప్పుడు, వెయిటింగ్ రూమ్‌లో అభ్యర్థి పేరుకు బదులు ఫోన్ మోడల్ పేరో, ఆ ఫోన్ వాడే తమ్ముడి పేరో కనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని పేరును లోపలికి రానివ్వడానికి మేం వెనుకాడతాం. చేరేముందు అడిగే పేరు గడిలో దరఖాస్తులో ఉన్న పేరే రాస్తే ఈ చిక్కు రాదు. అయినా 11:02 వరకు ఎవరూ తలుపు తీయకపోతే హెచ్‌ఆర్‌కు “10:57 నుంచి వెయిటింగ్ రూమ్‌లో ఉన్నాను, ప్యానెల్‌కు కనిపిస్తున్నానో లేదో దయచేసి చూడగలరా” అని పంపాలి. తీరా లోపలికి వచ్చాక ఇందుకు క్షమాపణ అక్కరలేదు, ఫిర్యాదూ అక్కరలేదు. “మీరు ఎదురుచూసి ఉంటారు, నేను ఫోన్ నుంచి చేరడం వల్ల పేరు వేరుగా కనిపించి ఉంటుంది” అంటే ఎవరి తప్పూ ఎత్తిచూపకుండా విషయం తేలిపోతుంది. ఇలా ఫోన్‌తో చేరినవారు ఇతర కాల్‌లను ఆపే ఏర్పాటు కూడా చేసుకోవాలి. మన సందేశం చూసిన హెచ్‌ఆర్ వారు సరిగ్గా అప్పుడే తిరిగి ఫోన్ చేస్తే ఇంటర్వ్యూలో మాట ఆగిపోతుంది.

తరువాతి మెయిల్

ఇంటర్వ్యూ జరిగిపోయి, నోటితో చెప్పిన క్షమాపణను వారు స్వీకరించి ఉంటే, దానికోసం వేరే మెయిల్ రాయనక్కరలేదు. సాయంత్రం రాసే కృతజ్ఞతల మెయిల్‌లో “ఉదయం నా ఆలస్యాన్ని మన్నించి పూర్తి అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు” అన్న ఒక్క వాక్యం చాలు. హనుమకొండ అభ్యర్థిని అలాగే రాశారు. రెండో విడతకు పిలిచినప్పుడు హెచ్‌ఆర్ నంబరును కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకున్నానని, మా దగ్గర చేరిన తరువాత ఒకసారి చెప్పారు.

ఇంటర్వ్యూ అసలు జరగనే లేదంటే మాత్రం వేరుగా, అదే రోజు, వీలైతే గంటలోపే రాయాలి. మరునాటికి ప్యానెల్ తన నిర్ణయం రాసేసుకుంటుంది. అటువంటి మెయిల్ ఇంత ఉంటే సరిపోతుంది:

“నమస్కారం. నేడు 11:00 గంటలకు జరగవలసిన అనువాదకుల ఇంటర్వ్యూకు నేను హాజరు కాలేకపోయాను. 10:53కి మా ఇంటి ఫైబర్ లైన్ తెగింది. ఫోన్ నెట్‌తో 11:09కి, 11:16కి రెండుసార్లు చేరే ప్రయత్నం చేశాను, వేగం చాలక లోపలికి రాలేకపోయాను. 10:59కి మీ నంబరుకు ఎస్‌ఎమ్‌ఎస్ పంపాను. ప్యానెల్ సభ్యులను ఎదురుచూసేలా చేసినందుకు క్షమాపణలు కోరుతున్నాను. మరో అవకాశం ఇవ్వగలిగితే, రేపు లేదా ఎల్లుండి మీరు సూచించిన ఏ సమయానికైనా, వేరే నెట్ ఉన్న చోటి నుంచి హాజరవుతాను.”

ఎర్ర దీపం ఫొటోను దీనికి జత చేయాలా అని చాలామంది అడుగుతారు. అడగకుండా పంపిన ఆధారం, నమ్మరేమోనన్న అనుమానాన్ని తానే మోసుకువస్తుంది, కాబట్టి జత చేయవద్దంటాను. నెట్ సంస్థకు చేసిన ఫిర్యాదు నంబరు, దానికి వచ్చిన ఎస్‌ఎమ్‌ఎస్ మాత్రం తుడిచేయకుండా ఉంచుకోవాలి. గైర్హాజరుకు ఆధారం చూపితేనే మరో తేదీ ఇస్తామని నియమం పెట్టుకున్న నియామకాల్లో అవి అడుగుతారు, అడిగిన రోజు పంపవచ్చు. పై మెయిల్‌లో ఫొటో కంటే ఎక్కువ పని చేసేది “వేరే నెట్ ఉన్న చోటి నుంచి” అన్న చివరి మాట. అదే లైన్ మీద, అదే గదిలో నుంచి మళ్లీ వస్తామంటే, రెండో తేదీ ఇవ్వడానికి ప్యానెల్ ఎందుకు సంకోచిస్తుందో ఆ స్థానంలో కూర్చున్నప్పుడు నాకు అర్థమైంది.